టైల్స్ పరవక ముందే బాత్‌రూంలో జరగాల్సిన పని: సంకెన్ స్లాబు, రెండు పూతలు, నీటి పరీక్ష

(సొంత ఇల్లు కట్టుకుంటున్నవారు, మేస్త్రీలు, ప్లంబర్లు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో సైట్ ఇంజనీరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఈరోజు నేను ఒక్క గది గురించే మాట్లాడతాను. ఆ గది 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న బాత్‌రూం. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంది. దాని కింద మరొకరి బాత్‌రూం, పక్కన మన పడకగది, వెనుక గొట్టాలు దిగే డక్టు ఉన్నాయి. స్లాబు మందం 5 అంగుళాలు. హాలు స్లాబుకంటే బాత్‌రూం స్లాబు ఒక అడుగు కిందికి దిగి ఉంది. దీన్నే మనం సంకెన్ స్లాబు అంటున్నాం. కమోడ్ గొట్టం, నేలమీది నీరు దిగిపోయే నహానీ ట్రాప్, వాష్‌బేసిన్ నుంచి వచ్చే గొట్టం, ఇవన్నీ కింది ఇంటి సీలింగులో వేలాడకుండా మన ఇంటి నేలలోనే దాగి ఉండడానికి ఈ ఏర్పాటు చేస్తారు.

ఇందులో ఉన్న సౌకర్యమే ఇబ్బందికీ మూలం. ఒక అడుగు లోతు, నాలుగు వైపులా గోడలు ఉన్న ఆ గుంత నిజానికి ఒక తొట్టి. అందులో ఇటుక ముక్కలు నింపి, పైన కాంక్రీటు వేసి, టైల్స్ అతికించి మూసేస్తాం. టైల్స్ సందుల నుంచి గానీ, ట్రాప్ మెడ దగ్గర నుంచి గానీ కొద్దికొద్దిగా దిగే నీరు ఆ తొట్టిలో చేరుతుంది. దానికి బయటకు దారి లేదు, ఎండ తగలదు, గాలి ఆడదు. ఇటుక ముక్కలు స్పాంజిలా ఆ నీటిని పట్టి ఉంచుకుంటాయి. బాత్‌రూం వాడడం మొదలుపెట్టిన ఆరు నెలలకో, ఏడాదికో కింది ఇంటి సీలింగుకు నెమ్ము పట్టినప్పుడు అందరూ పైన ఏ టైలు పగిలిందా అని వెతుకుతారు. టైలు పగలకపోయినా తొట్టి నిండుతుందన్న సంగతి అప్పుడు గాని అర్థం కాదు. కాబట్టి ఈ గదికి రెండు వేరు వేరు పూతలు కావాలి. మొదటిది గుంత అడుగున, స్లాబు మీద. రెండోది గుంత నింపిన తర్వాత, టైల్స్ కింద. రెంటిలో ఏదో ఒకటి చాలదా అని చాలామంది అడుగుతారు. పై పూత నీరు తొట్టిలోకి దిగకుండా ఆపుతుంది, కింది పూత దిగిన నీరు స్లాబులోకి పోకుండా ఆపుతుంది. అవి చేసే పనులే వేరు గనుక ఒకటి రెండోదానికి బదులు కాదు.

ముందుగా అడుగు పని చూద్దాం. సెంట్రింగ్ విప్పిన తర్వాత గుంతలో చెక్క ముక్కలు, మేకులు, బైండింగ్ వైరు, ఎండిపోయిన మాలు కుప్పలు ఉంటాయి. మాలు కుప్పలను ఉలితో తీయాలి, వైరు కొసలను కాంక్రీటు లోపలి దాకా కోసి ఆ చోటు పూడ్చాలి. తుప్పు పట్టే వైరు కొస పూతను లోపలినుంచే పొడుస్తుంది. స్లాబు మీద తెల్లటి పొడి పొరలా తేలిన సిమెంటు పాలను తీగ బ్రష్షుతో రుద్ది తీసేయాలి, ఎందుకంటే పూత ఆ పొడికి అంటుకుంటే ఆ పొడితో పాటే ఊడి వస్తుంది. కంకర తేలి గూడులా కనిపించే చోట్లను గట్టి కాంక్రీటు తగిలేదాకా తొలిచి, పాలిమర్ కలిపిన మాలుతో నింపాలి. బీము పక్కన, మూలల్లో ఇలాంటి గూళ్లు లోతుగా ఉంటే అక్కడ నాజిల్ పెట్టి గ్రౌటు అనే పలచటి సిమెంటు మిశ్రమం ఎక్కించక తప్పదు.

తర్వాత గొట్టాల వంతు. ఇక్కడే ప్లంబరుకూ వాటర్‌ప్రూఫింగ్ చేసేవారికీ మధ్య వరస తప్పుతుంది. గోడనో స్లాబునో దాటి వెళ్లే ప్రతి గొట్టం పూత వేయకముందే దాని స్థానంలో ఉండాలి. పూత వేసిన మర్నాడు ప్లంబరు వచ్చి డక్టు గోడకు ఇంకో రంధ్రం కొడితే, అప్పటిదాకా చేసిన పనంతా ఆ ఒక్క రంధ్రం దగ్గర ఆగిపోతుంది. నేను పని చూసే చోట ప్లంబరు చేత రంధ్రాలన్నీ పూర్తయ్యాయని చెప్పించుకున్న తర్వాతే పూత డబ్బా మూత తీయనిస్తాను. దీనివల్ల ప్లంబర్లకు నా మీద కొంచెం కోపం ఉంది, ఇక్కడ కూర్చున్న ఇద్దరు ముగ్గురికి ఆ సంగతి తెలుసు.

గొట్టం చుట్టూ ఉన్న ఖాళీని నింపడం అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని. పీవీసీ గొట్టం నునుపుగా ఉంటుంది, సిమెంటు దానికి పట్టదు. మాలు ఎండి కొద్దిగా కుంచించుకోగానే గొట్టం చుట్టూ వెంట్రుకంత సందు ఏర్పడుతుంది. అందుకే గోడలో ఉండబోయే భాగాన్ని ముందు గరుకు కాగితంతో రుద్దాలి, గొట్టాలు అతికించే సొల్యూషన్ పూయాలి, అది తడిగా ఉండగానే పొడి ఇసుక చల్లాలి. ఐదు నిమిషాల్లో గొట్టం మీద ఉప్పు కాగితంలాంటి గరుకు పొర తయారవుతుంది. దానికి మాలు పట్టుకుంటుంది. ఆ తర్వాత ఖాళీని మామూలు మాలుతో కాకుండా కుంచించుకోని గ్రౌటుతో నింపాలి. రంధ్రం పెద్దదైతే ఒకేసారి కాకుండా రెండు విడతలుగా నింపడం మేలు.

ఇప్పుడు పూత వేయకముందే మొదటి నీటి పరీక్ష చేయాలి. ఉత్త స్లాబుకు పరీక్ష ఏమిటని మేస్త్రీలు నవ్వుతారు. స్లాబులో తప్పు ఉంటే దాన్ని పూత కప్పిపుచ్చుతుంది, సరిచేయదు. పూతకు కొన్నేళ్ల వయసు వచ్చాక ఆ తప్పు మళ్లీ బయటపడుతుంది. అందుకే తప్పు కంటికి కనిపించే రోజునే వెతకాలి. దీనికి ముందు కాంక్రీటు క్యూరింగ్ పూర్తయి ఉండాలి, కింది ఆధారాలు తీసి ఉండాలి. ఆధారాలు, పలకలు ఉంటే కింది వైపు చూడలేం కదా.

నీరు ఎంత ఎత్తున నిలపాలన్న దగ్గర చాలామంది పొరబడతారు. అడుగున ఒక అంగుళం నీళ్లు పోసి పరీక్ష అయిపోయిందంటారు. మన గదిలో 4 అంగుళాల కమోడ్ గొట్టం డక్టు గోడను దాటే చోట దాని అడుగు అంచు స్లాబుకు 2 అంగుళాల పైన ఉంది. అంటే పై అంచు 6 అంగుళాలు దాటుతుంది. ఒక అంగుళం నీరు ఆ రంధ్రాన్ని తాకనే తాకదు. ఏ చోటు ఎక్కువగా కారుతుందో ఆ చోటునే పరీక్షించకుండా వదిలేసినట్టవుతుంది. కాబట్టి అన్ని రంధ్రాలకూ పై అంచు మునిగి, ఇంకో రెండు అంగుళాలు పైకి వచ్చేలా నింపాలి. ఈ గదికి అది 8 అంగుళాలు. 40 చదరపు అడుగుల్లో 8 అంగుళాలంటే సుమారు 755 లీటర్లు, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులో ముప్పాతిక. బరువు గురించి భయపడనక్కర్లేదు. ఇది చదరపు మీటరుకు 200 కిలోల పైచిలుకు. తర్వాత అదే గుంతలో నింపే ఇటుక ముక్కల బరువు దీనికి రెట్టింపు కంటే ఎక్కువే ఉంటుంది.

నీరు పోసే ముందు గొట్టాల నోళ్లను ఎండ్ క్యాపులతో మూయాలి. గుడ్డ కుక్కితే గుడ్డలోంచి నీరు జారిపోతుంది, స్లాబు కారుతోందని మనం అనుకుంటాం. డక్టు వైపు వెళ్లి గొట్టం రెండో కొస పొడిగా ఉందో లేదో టార్చి వేసి చూస్తే అనుమానం తీరుతుంది. కింది ఇంటి సీలింగుకు ముందురోజే సున్నం పలచగా కొట్టించి ఆరనివ్వాలి. సున్నం మీద తడి మచ్చ తెలిసినంత తేలిగ్గా ఉత్త కాంక్రీటు మీద తెలియదు.

ఇక నీటి మట్టాన్ని కొలవడం. గోడ మీద పెన్సిలుతో గీత గీసి, రెండు రోజుల తర్వాత చూస్తే గీతకంటే నీరు కిందికి దిగి ఉంటుంది. అది కారిందా, ఆవిరైందా, కాంక్రీటు తాగిందా? ఈ మూడింటినీ విడదీయకపోతే పరీక్ష చేసి ప్రయోజనం లేదు. దానికి ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. నిటారు అంచులున్న స్టీలు గిన్నె ఒకటి, అడుగు వెడల్పుది, నీటితో నింపి అదే గదిలో ఒక ఇటుక మీద పెట్టండి. దాని లోపల కూడా గీత గీయండి. గిన్నె కారదు, తాగదు. దానిలో తగ్గినదంతా ఆవిరైనదే. నేలమీది నీరు గిన్నెలో తగ్గినంతే తగ్గితే కారడం లేదు. ఎక్కువ తగ్గితే, మొదటి రోజైతే కాంక్రీటు తాగిందేమోనని ఆగవచ్చు. ఎండిన కాంక్రీటు, ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడ మొదటి 24 గంటల్లో చాలా నీరు పీల్చుకుంటాయి. అందుకే నేను మొదటి రోజు లెక్కను లెక్కలోకి తీసుకోను. మొదటి రోజు చివర గీత కొత్తగా గీసి, రెండో రోజు, మూడో రోజు కొలతలను మాత్రమే నమ్ముతాను.

ఈ గదిలో ఏం జరిగిందో అంకెలతో చెబుతాను. మన మేస్త్రీల కొలతలోనే చెబుతాను, అంగుళానికి 8 నూళ్లు. మొదటి 24 గంటల్లో నేల మీద 3 నూళ్లు తగ్గింది, గిన్నెలో 1 నూలు. కింది సీలింగు పొడిగా ఉంది. ఇంటాయన పరీక్ష పాసయిందన్నారు, నీళ్లు తోడేద్దామన్నారు. మూడు నూళ్లు తగ్గింది చూసి నేనూ స్లాబు తాగిందేమో అనుకున్నాను. ఇంకో రోజు ఉంచాం. రెండో 24 గంటల్లో మళ్లీ 3 నూళ్లు, గిన్నెలో మళ్లీ 1 నూలు. తాగడమే కారణమైతే రెండో రోజుకు తగ్గాలి, తగ్గలేదు. తేడా 2 నూళ్లు అంటే అల్పంగా కనిపిస్తుంది గాని, ఈ గది నేల మీద ఒక్క నూలు దాదాపు 12 లీటర్లు. అంటే రోజుకు 24 లీటర్ల నీరు ఎక్కడికో పోతోంది. మూడో రోజు ఉదయం, నీరు పోసిన 50 గంటలకు, కింది సీలింగులో డక్టు మూల దగ్గర సున్నం మీద అరచేయంత మచ్చ కనిపించింది. నీటి మచ్చ అంచు గోధుమ రంగులో ఉంది, మధ్యలో చేయి పెడితే చల్లగా తగిలింది.

నీరు తోడి ఆ మూల తవ్వించాం. కమోడ్ గొట్టం చుట్టూ ఉన్న రంధ్రంలో ఇటుక ముక్కలు, వాటి మధ్య సిమెంటు సంచి కాగితం కుక్కి, పైన ఒక అంగుళం మాలు పూసి ఉంది. పూసినవాళ్లకు అది ఐదు నిమిషాల పని. దాన్నంతా తీసి, గొట్టానికి ఇసుక పట్టించి, కుంచించుకోని గ్రౌటు రెండు విడతలుగా పోయించాం. మళ్లీ నీరు నింపినప్పుడు రెండో రోజు నేల మీదా గిన్నెలోనూ ఒక్కో నూలే తగ్గింది. మూడో రోజూ అంతే. 24 గంటలకే నీళ్లు తోడేసి ఉంటే ఈ తప్పు పూత కింద, ఇటుకల కింద, టైల్స్ కింద పడిపోయి ఉండేది. అందుకే గుంత అడుగున నీటి పరీక్షకు 72 గంటలు అంటాను. 48 గంటలు కనీసం. 24 గంటలు చేస్తే గట్టిగా కారేది మాత్రమే తెలుస్తుంది, 5 అంగుళాల కాంక్రీటులో మెల్లగా పాకే నీరు తెలియదు.

పరీక్ష నెగ్గిన తర్వాత మూలల పని. స్లాబు, గోడ కలిసే చోట సరిగ్గా 90 డిగ్రీల మూల ఉంటే పూత అక్కడ పలచబడి చీలుతుంది. ఆ మూలను పాలిమర్ మాలుతో ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల వరకు గుండ్రంగా, ఏటవాలుగా తిప్పాలి. సైట్లో దీన్ని గోలా అనీ కోవింగ్ అనీ అంటున్నారు. గొట్టాల చుట్టూ కూడా ఇలాగే చిన్న కాలరు కట్టాలి.

పూతకు ఈరోజుల్లో ఎక్కువగా వాడేది రెండు భాగాల పాలిమర్ సిమెంటు, ఒక సంచిలో పొడి, ఒక డబ్బాలో ద్రవం. ఇందులో రెండు సంగతులు తప్పితే మిగతాది మేస్త్రీ చేయి తిరిగిన పనే. మొదటిది, పూత వేసే నేల తడిగా ఉండాలి, నీరు నిలిచి ఉండకూడదు. పొడి నేల పూతలోని తడిని పీల్చేస్తుంది, అప్పుడు పూత పొడిపొడిగా రాలుతుంది. రెండోది, గట్టిపడిందని నీళ్లు కలపకూడదు. కంపెనీ ఇచ్చిన ద్రవంలో పొడిని కొద్దికొద్దిగా పోస్తూ డ్రిల్లు మిక్సరుతో కలపాలే తప్ప బకెట్టులో చెంబెడు నీళ్లు పోయకూడదు. కలిపింది అరగంట, ముప్పావుగంటలో వాడుకోవాలి. గట్టిపడితే పారేయాలి.

ఈ కింది పూతనే రెండు చేతులుగా, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండుసార్లు వేయాలి. మొదటి చేయి ఒక దిక్కుగా వేయాలి. అది తడిగా ఉండగానే మూలల్లో, గొట్టాల చుట్టూ 4 నుంచి 6 అంగుళాల వెడల్పు ఫైబర్ జాలీ పట్టీలు అదిమి పూతలో మునిగేలా చేయాలి. ఎండిన పూత మీద జాలీ పెట్టి పైన పూస్తే అది కప్పినట్టే ఉంటుంది గాని అతకదు. మొదటి చేయి తాకితే అంటుకోనంత ఎండిన తర్వాత, సాధారణంగా 4 నుంచి 6 గంటలకు, రెండో చేయి దానికి అడ్డంగా వేయాలి. రెండు చేతులూ రెండు దిక్కులుగా వేయడం వల్ల మొదటిసారి కుంచె వదిలిన సన్న గీతలను రెండోది మూసేస్తుంది. గుంత నాలుగు వైపులా పూర్తిగా, హాలు నేల మట్టానికి ఇంకో అడుగు పైదాకా పూత ఎక్కాలి. మన గదికి లెక్కవేస్తే అడుగు 40, గుంత పక్కలు 26, పైకి ఎక్కిన అడుగు ఇంకో 26, మొత్తం 92 చదరపు అడుగులు. కొటేషన్‌లో 40 చదరపు అడుగులే రాసి ఉంటే పక్కలకు పూత పడదని ముందే అర్థం చేసుకోవచ్చు.

మధ్యలో ఒక మాట చెబుతాను. సిమెంటులో కలిపే వాటర్‌ప్రూఫ్ ద్రవాన్ని, సంచికి 200 మిల్లీలీటర్ల చొప్పున పోసేదాన్ని, చాలామంది ఈ పూతకు బదులుగా లెక్కిస్తారు. అది మాలులో నీరు పీల్చుకునే గుణాన్ని తగ్గిస్తుంది, మంచిదే. కానీ మాలు చీలితే ఆ చీలికను అది ఆపలేదు. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు అని రెండింతలు పోసేవాళ్లను చూశాను. దానివల్ల లాభం లేదు, మాలు బలం తగ్గే ప్రమాదం ఉంది. ప్రభుత్వ పనుల నిర్దేశాల్లో సంకెన్ భాగానికి వాటర్‌ప్రూఫింగ్ కాంపౌండు కలిపిన సిమెంటు పాలను రెండు పొరలుగా వేసి, ఒక్కో పొరను 4 గంటలు గాలికి ఆరనిచ్చి, చివర 48 గంటలు నీటితో క్యూరింగ్ చేయమని ఉంటుంది. పద్ధతి ఏదైనా పొరలు రెండు, మధ్యలో ఆరే సమయం ఒకటి అన్న సంగతి మారదు. ఆరే సమయం, క్యూరింగ్ మాత్రం సరుకును బట్టి మారుతుంది. కొన్నిటికి నీళ్లు చల్లాలి, కొన్నిటికి చల్లకూడదు. కాబట్టి సంచి మీద ఏముందో చదవండి.

రెండో చేయి వేసిన మర్నాడే నీళ్లు నింపితే పూత చెడిపోతుంది. అది కనీసం మూడు రోజులు, చలికాలంలో ఐదారు రోజులు ఆరాలి. తొందరపడ్డారో లేదో నీటిని చూస్తే తెలుస్తుంది. నిలిపిన నీరు పాలలా తెల్లగా మారితే పూతలోని పాలిమర్ ఇంకా గట్టిపడలేదని, కరుగుతోందని అర్థం. అలాంటి పూతను నీళ్లు తోడి, ఆరనిచ్చి, మళ్లీ గోకి చూడాలి. గోరుకు వస్తే పైన ఇంకో పూత వేసినా నిలవదు, దాన్ని తీసేసి వేయాలి. సరిగ్గా ఆరిన పూత మీద రెండో పరీక్ష అదే 8 అంగుళాల నీటితో, అదే గిన్నెతో, 48 గంటల నుంచి 72 గంటలు చేయాలి. పూత నీరు తాగదు గనుక ఈసారి మొదటి రోజు నుంచే నేలా గిన్నే దాదాపు కలిసి తగ్గాలి. ఈ పరీక్ష నెగ్గగానే పైన ముప్పావు అంగుళం మాలు పరిచి పూతను కాపాడాలి, ఎందుకంటే తర్వాత వచ్చే పారలు, తాపీలు, ఇటుక మూలలు ఏవీ దాన్ని వదలవు.

నింపడానికి ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది, చేసేవాళ్లు తక్కువ. గుంత అడుగున ఒక మూలకు వాటం ఇచ్చి, అక్కడినుంచి ఒక అంగుళం గొట్టం డక్టులోకి బయటకు తీయాలి. దాని లోపలి మూతికి జాలీ కట్టి, చుట్టూ కంకర పోయాలి. దీని రంధ్రం కూడా పూతకు ముందే పడాలని వేరే చెప్పనవసరం లేదు. పరీక్షలప్పుడు దాన్ని మూస్తాం, తర్వాత తెరుస్తాం. ఎప్పుడైనా పై పూత దెబ్బతింటే నీరు గుంతలో నిలవకుండా ఆ గొట్టంలోంచి డక్టులో చుక్కలుగా పడుతుంది. కింది ఇంటివాళ్లు తలుపు తట్టకముందే మనకు కబురు అందుతుంది.

గుంత నింపడానికి కట్టడం చెత్త వాడకండి. అందులో ఉండే చెక్క కుళ్లుతుంది, జిప్సం ముక్కలు నీరు తగిలి మెత్తబడతాయి, పైన వేసిన కాంక్రీటు కుంగుతుంది. శుభ్రమైన ఇటుక ముక్కలనైనా, తేలికైన ఏఏసీ బ్లాకు ముక్కలనైనా చేత్తో పేర్చి, సందుల్లో పలచటి మాలు పోయాలి. గొట్టాల మీదికి గంపతో కుమ్మరిస్తే గొట్టం జాయింటు కదులుతుంది. అందుకే నింపకముందు గొట్టాలకు విడిగా నీటి పరీక్ష చేయాలి. చివర మూసి, నీరు నింపి, జాయింట్లను ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూడాలి. ఇక్కడ టైల్స్ మేస్త్రీలు ఉన్నారు కాబట్టి అంటున్నాను, మీరు తవ్విన బాత్‌రూముల్లో కొన్నిటికి వాటర్‌ప్రూఫింగ్ తప్పు లేదు, కదిలిన గొట్టం జాయింటే కారణం.

నింపిన దాని మీద చికెన్ మెష్ వేసి 2 అంగుళాల కాంక్రీటు వేయాలి. వాటం ఇక్కడే ఇవ్వాలి. టైల్స్ కింది మాలుతో వాటం ఇస్తే టైలు మీది నీరు ట్రాప్‌కు వెళుతుంది గాని, సందుల్లోంచి దిగి పూత మీద నిలిచిన నీరు అక్కడే ఉండిపోతుంది. 8 అడుగుల పొడవుకు ఒక అంగుళం చాలు. పై పూత ఈ కాంక్రీటు మీద రెండు చేతులు పడాలి, ట్రాప్ మూతి లోపలి దాకా దిగాలి, గోడల మీద అడుగు ఎత్తు ఎక్కాలి. షవరు ఉన్న గోడ మీద 7 అడుగుల దాకా ఎక్కాలి. రెండో చేయి తడిగా ఉన్నప్పుడు దాని మీద శుభ్రమైన పొడి ఇసుక పలచగా చల్లితే తర్వాత టైలు మాలు దానికి పట్టు దొరికించుకుంటుంది.

గడప దగ్గర మాత్రం ఇంకాస్త ఆగాలి. నా అనుభవంలో బాత్‌రూం నుంచి పడకగదిలోకి వచ్చే నెమ్ములో ఎక్కువ భాగం గడప కిందినుంచే వస్తుంది. తలుపు చట్రం కాళ్లు కింద నల్లబడడం, బయట గోడకు అడుగు ఎత్తులో రంగు పొరలుగా లేచి తెల్లటి ఉప్పు తేలడం దాని గుర్తులు. టైలు కింది మాలు బాత్‌రూం నుంచి పడకగది దాకా ఒకే పరుపుగా సాగితే నీరు దానిలోంచి పాకి వెళుతుంది. గడప చోట 2 అంగుళాల కాంక్రీటు కట్ట కట్టి, పూతను దాని మీదుగా ఎక్కించి అవతలి అంచు దాకా తీసుకెళ్లి, గ్రానైటు గడపను ఆ పూత మీద పెడితే ఆ దారి మూసుకుపోతుంది.

పై పూత కూడా ఆరిన తర్వాత మూడో పరీక్ష. ట్రాప్ నోరు గట్టిగా మూసి, గడప కట్టకు కొంచెం కిందుగా ఒకటిన్నర అంగుళం నీరు 48 గంటలు నిలపాలి. ఈసారి చూడాల్సిన చోట్లు మూడు: డక్టులోని అంగుళం గొట్టం, కింది సీలింగు, పడకగది వైపు గోడ అడుగు. అంగుళం గొట్టం చుక్కలు కారితే పూతలో తప్పు ఉందా, ట్రాప్ మూత జారిందా, నీళ్ల గొట్టం కారుతోందా అన్న అనుమానం వస్తుంది. నిలిపిన నీటిలో బట్టలకు వాడే నీలిమందు కలపండి. నీలం చుక్కలు పడితే నిలిపిన నీరే పూతలోంచో ట్రాప్ దగ్గర నుంచో దిగుతోంది. రంగులేని చుక్కలు ఆగకుండా పడితే నీళ్ల గొట్టం సంగతి చూడాలి.

ప్రశ్నలు అడగమన్నారు కాబట్టి రెండింటికి జవాబు చెబుతాను.

టైల్స్ మంచివి, సందుల్లో ఎపాక్సీ నింపుతాం, మరి ఇంత అవసరమా అని ఒక అమ్మ అడిగారు. ఎపాక్సీ సందుల్లోంచి దిగే నీటిని బాగా తగ్గిస్తుందమ్మా, వేయించండి. కానీ ట్రాప్ అంచు దగ్గర, కమోడ్ అడుగున, గోడా నేలా కలిసే మూలలో ఇల్లు కొద్దిగా కదిలినా ఎపాక్సీ వెంట్రుకంత విడుతుంది. అది పై వరస కాపలా మాత్రమే.

షవరు, టవల్ కడ్డీ, గీజరు బిగించడానికి డ్రిల్లు వేస్తే పూత పోదా అని ఇంకొకరు అడిగారు. పోతుంది, అంత మేర. గీజరు సాధారణంగా పూత ఎత్తుకు పైన ఉంటుంది, దాని బాధ లేదు. షవరు గోడకు వేసే ప్రతి రంధ్రంలో ముందు సిలికాన్ నింపి, తర్వాత ప్లగ్గు, తర్వాత స్క్రూ పెట్టించండి. నేల నుంచి అడుగు లోపల మాత్రం ఏ రంధ్రమూ వేయనివ్వకండి. తలుపు ఆపడానికి నేలలో బిగించే అయస్కాంతపు బిళ్ల ఉంటుంది చూడండి, దాన్ని బాత్‌రూం లోపలి వైపు బిగించమని ఎవరైనా అంటే తలుపు బయటి వైపు చూపించండి.